కిలోమీటరు రాళ్ళు చెప్పే వేగం

బస్సులో వెనక సీట్లో కూర్చున్నవారికి డ్రైవరు ముందున్న స్పీడోమీటరు కనిపించదు. బండి ఎంత వేగంగా పోతోందో తెలుసుకోవాలంటే కుదుపును బట్టో, పక్కన వెనక్కి పోతున్న చెట్లను బట్టో ఊహించుకోవాల్సిందే. ఆ ఊహ తరచుగా తప్పుతుంది. ఎత్తుగా ఉండే వోల్వో బస్సులో 90 వేగం కూడా నింపాదిగా అనిపిస్తుంది. పాత బస్సులో 60కే గుండె అదురుతుంది. కానీ రోడ్డు పక్కన నాటిన కిలోమీటరు రాళ్ళు, చేతిలో ఉన్న ఫోను కలిస్తే ఊహతో పని లేకుండా వేగాన్ని లెక్కగట్టవచ్చు. ఒక రాయికి ఒక ఫొటో, కొంత దూరం పోయాక ఇంకో రాయికి ఇంకో ఫొటో తీస్తే చాలు. రాళ్ళ మీది అంకెల తేడా దూరాన్ని చెబుతుంది, ఫొటోల మీది సమయాల తేడా ప్రయాణ కాలాన్ని చెబుతుంది. దూరాన్ని కాలంతో భాగిస్తే సగటు వేగం.

ఇంతవరకూ ఆరో తరగతి లెక్కే. అయితే ఆ వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చు, దాంతో ఏది రుజువు చేయగలం, ఏది చేయలేం అన్నది తేల్చుకోకపోతే ఈ లెక్క ఉపయోగపడదు. ఫొటోల్లో ఎప్పుడూ కాస్త అనిశ్చితి ఉంటుంది. రెండు ఫొటోలు మనకిచ్చేది ఒకే ఒక్క వేగం కాదు, ‘ఇంతకు తక్కువ కాదు, ఇంతకు ఎక్కువ కాదు’ అనే రెండు హద్దులు. ఆ హద్దులు దగ్గర దగ్గరగా ఉంటే ఫొటోలు పనికొస్తాయి, దూర దూరంగా ఉంటే పనికిరావు.

ఒక ప్రయాణం, ఒక లెక్క

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారినే తీసుకుందాం. 2010లో నంబర్లు మార్చకముందు ఇది 9వ నంబరు రహదారి. దీన్ని నాలుగు వరుసలుగా విస్తరించినప్పుడు ప్రాజెక్టు పత్రాల్లో 40వ కిలోమీటరు నుంచి 221.5వ కిలోమీటరు దాకా అని రాశారు. అంటే ఇక్కడి అంకెలు హైదరాబాద్ వైపు నుంచి లెక్కపెట్టుకుంటూ విజయవాడ వైపు పెరుగుతూ పోతాయి. జాతీయ రహదారుల కిలోమీటరు రాళ్ళకు పైభాగం పసుపు రంగు, కిందిభాగం తెలుపు. రాష్ట్ర రహదారులకైతే పసుపు స్థానంలో ఆకుపచ్చ ఉంటుంది. రెండు కిలోమీటరు రాళ్ళ మధ్య 200 మీటర్లకొకటి చొప్పున చిన్న రాళ్ళుంటాయి. వాటి మీద 2, 4, 6, 8 అని రాసి ఉంటుంది.

లెక్క అర్థం కావడానికి ఈ దారిలో ఒక బస్సు ప్రయాణాన్ని ఊహించుకుందాం. కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడు 100వ కిలోమీటరు రాయి దగ్గర ఒక ఫొటో తీశాడు. దాని మీద సమయం 09:14:37. తర్వాత 130వ కిలోమీటరు రాయి దగ్గర రెండో ఫొటో తీశాడు. దాని మీద 09:38:52. దూరం 30 కిలోమీటర్లు. కాలం 24 నిమిషాల 15 సెకన్లు.

చాలామంది తడబడేది ఇక్కడే. 24 నిమిషాల 15 సెకన్లను కాలిక్యులేటర్‌లో 24.15 అని కొట్టేస్తారు. నిమిషానికి 60 సెకన్లు కాబట్టి 15 సెకన్లంటే పావు నిమిషం. కొట్టాల్సింది 24.25. ఇక్కడ తేడా చిన్నదే కానీ గంటల లెక్కలో ఇదే పొరపాటు పెద్దదవుతుంది. 90 కిలోమీటర్లు గంటన్నరలో పోయిన బండి వేగం 60. గంటా 30 నిమిషాలను 1.30 అని కొడితే అదే బండి 69 వేగంతో పోయినట్టు వస్తుంది. అందుకని కాలాన్నంతా ముందు సెకన్లలోకి మార్చుకోవడం మేలు. 24 నిమిషాలంటే 1440 సెకన్లు, దానికి 15 కలిపితే 1455.

```
30 × 3600 ÷ 1455 = 74.2
```

గంటకు 3600 సెకన్లు కాబట్టి దూరాన్ని 3600తో గుణించి సెకన్లతో భాగిస్తే నేరుగా గంటకు ఇన్ని కిలోమీటర్లని వస్తుంది. మన బస్సు సగటున గంటకు 74.2 కిలోమీటర్ల వేగంతో పోయింది.

ఇప్పుడు హద్దులు చూద్దాం. ఫోను గడియారం 09:14:37 అని చూపించిందంటే అసలు సమయం 37వ సెకను మొదలైన క్షణం నుంచి అది ముగిసే క్షణం దాకా ఎక్కడైనా ఉండవచ్చు. రెండో ఫొటోకూ అంతే. కాబట్టి అసలు కాలం 1454 నుంచి 1456 సెకన్ల మధ్య ఉంటుంది. ఇక ఫొటో తీసిన చోటు. రాయి సరిగ్గా పక్కకు వచ్చిన క్షణంలోనే ఎవరూ తీయలేరు. కాస్త ముందుగానో తర్వాతో తీస్తారు. ప్రతి ఫొటోలో 50 మీటర్లు అటూ ఇటూ అయిందనుకుంటే దూరం 29.9 నుంచి 30.1 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. అతి తక్కువ దూరాన్ని అతి ఎక్కువ కాలంతో భాగిస్తే 73.9, అతి ఎక్కువ దూరాన్ని అతి తక్కువ కాలంతో భాగిస్తే 74.5. రెండు హద్దుల మధ్య తేడా ఒక కిలోమీటరు కూడా లేదు. ఈ లెక్కను నిశ్చింతగా నమ్మవచ్చు.

అదే మనిషి ఓపిక పట్టలేక పక్కపక్కనే ఉన్న రెండు రాళ్ళకు ఫొటోలు తీశాడనుకోండి. దూరం ఒక కిలోమీటరు, కాలం 48 సెకన్లు, వేగం 75. అంకె చూడ్డానికి బాగానే ఉంది. కానీ అదే ఒక సెకను, అదే 50 మీటర్ల పొరపాట్లు ఇక్కడ ఎంత పెద్దవో చూడండి. దూరం 0.9 నుంచి 1.1 కిలోమీటర్లు, కాలం 47 నుంచి 49 సెకన్లు. హద్దులు 66, 84. బండి 66 వేగంతో పోయిందో, 84 వేగంతో పోయిందో ఈ ఫొటోలు చెప్పలేవు. పొరపాటు కొలత మారలేదు, దాని పక్కన ఉన్న దూరం చిన్నదైపోయింది. దూరం పెరిగేకొద్దీ ఆ పొరపాటు అందులో కరిగిపోతుంది.

సెకన్లు లేని ఫొటోలు

ఫొటో మీద సమయం, స్థలం ముద్రించే యాప్‌లు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. వాటిలో కొన్ని గంటలు, నిమిషాలు మాత్రమే ముద్రిస్తాయి. పై ప్రయాణాన్నే అలాంటి యాప్‌తో తీస్తే మనకు కనిపించేవి 09:14, 09:38. తేడా 24 నిమిషాలు, వేగం 75. ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. 09:14 అన్న అంకె నిమిషం పొడుగునా అలాగే ఉంటుంది. మొదటి ఫొటో ఆ నిమిషం మొదట్లో, రెండో ఫొటో తన నిమిషం చివర్లో తీసి ఉంటే అసలు కాలం దాదాపు 25 నిమిషాలు. మొదటిది చివర్లో, రెండోది మొదట్లో అయితే 23 నిమిషాలకు కాస్త ఎక్కువ. వేగం 72 నుంచి 78 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

దీన్ని గుర్తుపెట్టుకోవడం తేలిక. నిమిషాలు మాత్రమే ఉన్న ఫొటోల మధ్య తేడా 10 నిమిషాలైతే లెక్కలో అటూ ఇటూ పదోవంతు అనుమానం ఉంటుంది. 24 నిమిషాలైతే ఇరవై నాలుగోవంతు, గంటయితే అరవయ్యోవంతు. పక్కపక్క రాళ్ళ ఫొటోల మీద 09:14, 09:15 అని ఉంటే అసలు తేడా ఒక్క సెకనే కావచ్చు, దాదాపు రెండు నిమిషాలూ కావచ్చు. దాని నుంచి తేలేది బండి 30 కంటే వేగంగా పోయిందని మాత్రమే. ఎడ్లబండి కాదని చెప్పడానికి తప్ప అది దేనికీ పనికిరాదు.

అదృష్టవశాత్తూ ఫొటో మీద ముద్రించకపోయినా ఫైలు లోపల సెకన్లతో సహా సమయం ఉంటుంది. ఫోనులో ఫొటో తెరిచి వివరాలు చూస్తే కనిపిస్తుంది. కంప్యూటర్‌లో ఫొటో సమాచారం చూపించే సాధనాలతో చూస్తే ఇలా ఉంటుంది:

```
DateTimeOriginal : 2025:01:12 09:14:37
```

మనకు కావాల్సింది ఈ వరుసే. అదే జాబితాలో ఫైలు మార్చిన సమయం అని ఇంకో వరుస కూడా ఉంటుంది. ఫొటోను కత్తిరించినా, వెలుతురు సరిచేసినా అది మారిపోతుంది కాబట్టి దాన్ని వాడకూడదు. చాలా ఫోన్లలో ఫైలు పేరులోనే సమయం ఉంటుంది. IMG_20250112_091437.jpg అన్న పేరులో చివరి ఆరు అంకెలు గంట, నిమిషం, సెకను. అయితే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే లోపలి సమాచారం పోతుంది, పేరు కూడా IMG-20250112-WA0007.jpg లాగా మారిపోతుంది. అందులో తేదీ, వరుస సంఖ్య తప్ప గంటలు, నిమిషాలు ఉండవు. లెక్క కోసం ఫొటో పంపాలంటే దాన్ని డాక్యుమెంట్‌గా పంపాలి. అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది.

గడియారం సరిగ్గా లేకపోతే ఎలా అన్న అనుమానం చాలామందికి వస్తుంది. రెండు ఫొటోలూ ఒకే ఫోనుతో తీస్తే ఆ బెంగ అక్కర్లేదు. పాత కెమెరా గడియారం గంట వెనకబడి ఉన్నా రెండు ఫొటోల్లోనూ గంటే వెనకబడి ఉంటుంది. తీసివేతలో ఆ గంట కొట్టుకుపోతుంది. చిక్కు వచ్చేది మొదటి ఫొటో ఒకరి ఫోనుతో, రెండోది ఇంకొకరి కెమెరాతో తీసినప్పుడే. రెండు గడియారాల మధ్య నిమిషం తేడా ఉంటే ఆ నిమిషమంతా మన లెక్కలోకి వచ్చి చేరుతుంది. అలాంటప్పుడు రెండు పరికరాలతోనూ ఒకే గడియారానికి ఫొటో తీసి వాటి తేడా ఎంతో తెలుసుకుని, దాన్ని సరిచేసుకున్నాకే లెక్క వేయాలి.

రాళ్ళు ఎక్కడ మోసం చేస్తాయి

కాలం సంగతి తేలాక దూరం సంగతి. చాలా రాళ్ళ మీద రెండు రకాల అంకెలుంటాయి. ఫలానా ఊరు ఇంకా ఎంత దూరం అన్నది ఒకటి, ఈ రహదారి మీద ఇది ఎన్నో కిలోమీటరు అన్నది ఇంకొకటి. ఊరి పేర్లు రాయికీ రాయికీ మారుతుంటాయి. ఒకదాని మీద సూర్యాపేట ఉంటే తర్వాతి దాని మీద విజయవాడ ఉండవచ్చు. సూర్యాపేట దూరం నుంచి విజయవాడ దూరాన్ని తీసివేస్తే వచ్చే అంకెకు అర్థమే లేదు. ఊరి దూరాలతో లెక్క కట్టాలంటే రెండు ఫొటోల్లోనూ ఒకే ఊరు ఉండాలి. రహదారి వరుస సంఖ్య కనిపిస్తే దాన్ని వాడటమే మంచిది.

ఆ వరుస సంఖ్య కూడా రహదారి పొడుగునా ఒకే గొలుసులా సాగదు. 65వ నంబరు రహదారి పుణె నుంచి మొదలై షోలాపూర్ మీదుగా హైదరాబాద్ వచ్చి, అక్కడి నుంచి విజయవాడ దాటి మచిలీపట్నం దాకా పోతుంది. అయినా హైదరాబాద్ తర్వాత మనం చూసే అంకెలు పుణె నుంచి లెక్కించినవి కావు. కాబట్టి మొదటి ఫొటో హైదరాబాద్‌కు ఇవతల, రెండోది అవతల తీసి ఒకదాన్నుంచి ఇంకొకటి తీసివేయడం కుదరదు. బైపాస్‌లు ఉన్నచోట ఇంకో తిరకాసు ఉంది. ఊళ్లోంచి పోయే పాత రోడ్డును కొలిచి రాళ్ళు నాటాక ఊరి బయటి నుంచి బైపాస్ వేస్తే, కొత్త దారి పొడవు పాత దారి పొడవుతో సమానంగా ఉండదు. బైపాస్ మళ్ళీ పాత రోడ్డులో కలిసిన తర్వాత రాళ్ళన్నిటికీ అంకెలు మార్చాలంటే పెద్ద పని. అందుకే కలిసేచోట అంకెను సర్దేసి, ముందున్న రాళ్ళను అలాగే ఉంచేస్తుంటారు. ఆ సర్దిన చోట రాళ్ళ అంకెలు చెప్పే దూరం, చక్రాలు నిజంగా తిరిగిన దూరం వేరువేరుగా ఉంటాయి.

ఇలాంటి చోటును కనిపెట్టడానికి మంచి మార్గం మధ్యలో మూడో ఫొటో తీయడం. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది, అది తర్వాత చూద్దాం. ఒక ముక్కలో వేగం 75, పక్క ముక్కలో ఏ కారణమూ లేకుండా 95 వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది డ్రైవరును కాదు, రాళ్ళను. ఫోను మ్యాపులో ఆ రెండు రాళ్ళున్న చోట్ల మధ్య రోడ్డు దూరాన్ని కొలిస్తే నిజం బయటపడుతుంది.

తలపైన కనిపించే పెద్ద ఆకుపచ్చ బోర్డులను రాళ్ళలాగా వాడకూడదు. రాయి తన కిలోమీటరు దగ్గరే నాటి ఉంటుంది. బోర్డును మాత్రం డ్రైవర్లకు బాగా కనిపించే చోట నిలబెట్టి, ఊరి దూరాన్ని పూర్ణాంకానికి సర్ది రాస్తారు. 100 అని రాసిన బోర్డు దగ్గర అసలు దూరం 99.5 కావచ్చు, 100.5 కావచ్చు. రెండు బోర్డులకు కలిపి ఒక కిలోమీటరు దాకా తేడా రావచ్చు. 30 కిలోమీటర్లలో అది నూటికి మూడుకు పైనే.

ఇక ఫొటో తీసిన చోటు. 75 వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 21 మీటర్లు ముందుకు పోతుంది. రాయి 60 మీటర్ల దూరంలో ఉండగా ఫొటో తీస్తే బండి దాని దగ్గరకు రావడానికి ఇంకా దాదాపు మూడు సెకన్లు పడుతుంది. మొదటి ఫొటో అలా దూరం నుంచి, రెండోది సరిగ్గా పక్క నుంచి తీస్తే ఆ 60 మీటర్లు లెక్కలో తప్పుగా మిగిలిపోతాయి. రెండూ 60 మీటర్ల దూరం నుంచే తీస్తే మాత్రం తప్పు దానంతటదే పోతుంది, ఎందుకంటే రెండుచోట్లా ఒకే దూరం ముందుకు జరిగింది. ఒకే ఫోనుతో జూమ్ మార్చకుండా తీసిన రెండు ఫొటోల్లో రాయి ఒకే ఎత్తున కనిపిస్తే రెండూ దాదాపు ఒకే దూరం నుంచి తీసినట్టు లెక్క. రాయి సైజు అన్నిచోట్లా ఒకటి కాదు. ప్రతి ఐదో కిలోమీటరుకు నాటేది మిగతావాటికన్నా పెద్దదిగా ఉంటుంది. మన ఉదాహరణలోని 100, 130 రెండూ ఐదో కిలోమీటరు రాళ్ళే కాబట్టి పోల్చడానికి అనువుగా ఉన్నాయి.

ఇదంతా పక్కన కూర్చున్నవారు చేయాల్సిన పని. బండి నడిపేవారు ఫోను పట్టుకోవడం ప్రమాదం, చట్టరీత్యా నేరం కూడా.

డ్రైవరు మీటరుతో ఎందుకు కలవదు

రాళ్ళతో లెక్కగట్టిన వేగాన్ని మీటరుతో పోల్చిచూసినవారికి తరచుగా ఒకటే అనుభవం ఎదురవుతుంది. మీటరు ఎక్కువ చూపిస్తుంది, రాళ్ళు తక్కువ చెబుతాయి. ఇది లెక్క తప్పు కాదు. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపించకూడదని, ఎక్కువ చూపించినా ఒక హద్దు దాటకూడదని ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన చెబుతుంది. ఆ హద్దు అసలు వేగంలో పదోవంతు, దానికి తోడు గంటకు 4 కిలోమీటర్లు. అసలు వేగం 80 అయితే మీటరు 92 దాకా చూపించవచ్చు. టైరు అరిగేకొద్దీ చక్రం చుట్టుకొలత తగ్గి మీటరు ఇంకాస్త ఎక్కువ చూపిస్తుంది. డ్రైవరు తెలియక పరిమితి దాటకుండా ఉండాలన్నది ఇందులోని ఉద్దేశం.

మీ కారు మీటరు ఎంత ఎక్కువ చూపిస్తోందో తెలుసుకోవడానికి కూడా ఈ రాళ్ళ పద్ధతి చక్కగా పనికొస్తుంది. రద్దీ లేని రోడ్డు మీద ముల్లు 80 దగ్గర కదలకుండా నడుపుతుంటే పక్కనున్నవారు 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు రాళ్ళకు ఫొటోలు తీయాలి. కాలం సరిగ్గా 8 నిమిషాలు వచ్చిందంటే అసలు వేగం 75. మీటరు 5 కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోందన్నమాట.

సగటు దాచేది ఏమిటి

మళ్ళీ మన బస్సు దగ్గరికి వద్దాం. ఆ ప్రయాణికుడు 115వ కిలోమీటరు రాయికి కూడా ఫొటో తీశాడనుకుందాం. మొదటి 15 కిలోమీటర్లకు 10 నిమిషాల 45 సెకన్లు, తర్వాతి 15 కిలోమీటర్లకు 13 నిమిషాల 30 సెకన్లు పట్టాయి. వేగాలు 83.7, 66.7. ఈ రెండింటినీ కలిపి సగం చేస్తే 75.2 వస్తుంది. మొదట మనకు వచ్చింది 74.2. ఏది సరైనది?

74.2 సరైనది. వేగాలను కలిపి సగం చేయకూడదు. నిదానంగా పోయిన ముక్కలో బండి ఎక్కువసేపు గడిపింది కాబట్టి సగటు ఆ నిదానపు వేగం వైపే మొగ్గుతుంది. మొత్తం దూరాన్ని మొత్తం కాలంతో భాగించడమే ఎప్పుడూ సరైన పద్ధతి.

ఇక రెండో ముక్కలో వేగం ఎందుకు పడిపోయింది? ఈ దారిలో నకిరేకల్, సూర్యాపేటల మధ్య కొర్లపహాడ్ టోల్‌గేట్ ఉంది. బస్సు అక్కడ వరుసలో 2 నిమిషాల 15 సెకన్లు ఆగిందనుకుంటే, ఆ ముక్కలో చక్రాలు తిరిగిన కాలం 11 నిమిషాల 15 సెకన్లే. అప్పుడు కదులుతున్న వేగం 80. రాళ్ళు 66.7 అన్నాయి, బండి నడిచింది 80 దగ్గర. రెండూ నిజమే. సగటు వేగంలో ఆగిన కాలం కూడా కలిసిపోతుంది. ఎక్కడ ఆగింది, ఎక్కడ దూసుకుపోయింది అన్నది సగటు చెప్పదు.

తిరుమల ఘాట్ రోడ్డు మీద వెళ్ళినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ కొండ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని తిరుమల తిరుపతి దేవస్థానం నియమం పెట్టింది. ఒక చివర గేటు దగ్గర సమయం నమోదు చేస్తారు, ఇంకో చివర మళ్ళీ చూస్తారు. అంతకన్నా ముందుగా చేరితే వేగంగా నడిపినట్టే లెక్క. దారి పొడవు సుమారు 18 కిలోమీటర్లనుకుంటే ఎక్కేటప్పుడు సగటున 38, దిగేటప్పుడు 27 మించకూడదన్నది ఆ నియమంలోని సారాంశం. రెండు గుర్తులు, రెండు సమయాలు. ఫొటోలు లేవు కానీ మనం ఇంతసేపూ చెప్పుకున్న లెక్కే ఇది. దాని బలహీనత కూడా అక్కడే కనిపిస్తుంది. మలుపుల్లో వేగంగా తిప్పేసి, గేటుకు కాస్త ముందు బండి పక్కకు ఆపి, నిమిషాలు గడిచేదాకా కూర్చుంటే లెక్క సరిపోతుంది. ప్రమాదం జరిగేది మలుపులో, సగటు సరిపోయేది గేటు దగ్గర.

ఒకవైపే తెగే కత్తి

దీన్నిబట్టి సగటు వేగం దేనికీ పనికిరాదనుకోకూడదు. అది ఒకవైపు గట్టిగా రుజువు చేస్తుంది, రెండోవైపు ఏమీ చెప్పలేదు. సగటు తక్కువగా ఉంటే బండి ఎప్పుడూ హద్దు దాటలేదని అర్థం కాదు. సగటు హద్దును మించితే మాత్రం ఎక్కడో ఒకచోట బండి తప్పకుండా హద్దు దాటింది. ఏ క్షణంలోనూ 90 దాటని బండి 30 కిలోమీటర్లను 20 నిమిషాలలోపు పూర్తి చేయలేదు. మధ్యలో ఎక్కడైనా ఆగి ఉంటే ఆ కాలాన్ని పూడ్చుకోవడానికి అది ఇంకా వేగంగా పోయి ఉండాలి. గణితంలో దీనికి మధ్యమ మూల్య సిద్ధాంతమని పెద్ద పేరుంది. మాట మాత్రం ఇంతే.

మధ్యలో విభాగిని ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద, డ్రైవరు కాక 9 లేదా అంతకన్నా ఎక్కువ సీట్లున్న వాహనాలకు గరిష్ఠ వేగం 90 అని కేంద్రం 2018లో నోటిఫై చేసింది. రాష్ట్రాలు దాన్ని తగ్గించవచ్చు. మన 30 కిలోమీటర్ల దూరానికి 90 అంటే 20 నిమిషాలు. ఒక రాత్రి బస్సు ఫొటోల మీద 02:14, 02:32 అని ఉన్నాయనుకుందాం. సెకన్లు లేవు. తేడా 18 నిమిషాలు, వేగం 100. ‘వంద కొట్టాడు’ అని రాసేయడానికి ఎవరికైనా చేతులు ఉవ్విళ్ళూరుతాయి. కానీ న్యాయంగా ఆలోచిస్తే డ్రైవరుకు అనుకూలంగా ఉన్న చివరను తీసుకోవాలి. అసలు కాలం ఎక్కువలో ఎక్కువ 19 నిమిషాలు. అప్పుడు వేగం 94.7. ఫొటోలు తీసిన చోట్లలో 100 మీటర్ల తేడా వచ్చినా 94 దిగదు. డ్రైవరు పక్షాన ఎంత లాగినా 90 దాటిన సంగతి చెక్కుచెదరదు. ఇది రుజువు.

అదే రెండో ఫొటో మీద 02:33 అని ఉంటే? తేడా 19 నిమిషాలు, వేగం 94.7 అని చేతికి వస్తుంది. పైకి చూస్తే పరిమితి దాటినట్టే. కానీ అసలు కాలం దాదాపు 20 నిమిషాలు కూడా కావచ్చు. అప్పుడు వేగం 90. ఫొటో చోట్లలో 100 మీటర్ల తేడా కలిస్తే 90 కంటే తక్కువే కావచ్చు. ఇది అనుమానం మాత్రమే, రుజువు కాదు. ఒక్క నిమిషం తేడాతో ఒకటి ఆరోపణగా నిలబడుతుంది, ఇంకొకటి నిలబడదు. ఆ గీత ఎక్కడుందో చెప్పేది హద్దుల లెక్కే. చేతికొచ్చిన ఒక్క అంకెను పట్టుకుని మాట్లాడేవారికి ఈ తేడా కనిపించదు.

ప్రభుత్వాలు పెట్టే సగటు వేగం కెమెరాలు కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ శివార్లలోని ఏ-13 రహదారి మీద 2002లో అలాంటి కెమెరాలు పెట్టారు. ఒక చోట నంబరు ప్లేటు చదివి, కొన్ని కిలోమీటర్ల తర్వాత మళ్ళీ చదివి, మధ్య కాలాన్ని బట్టి వేగం కడతాయి. ఒక్కచోటే పెట్టిన కెమెరాకు ముందు బ్రేకు తొక్కి, దాటాక మళ్ళీ దూసుకుపోయే అలవాటుకు ఇది విరుగుడు. అక్కడ రెండు గడియారాలనూ ఒకదానితో ఒకటి సరిపెడతారు, మధ్య దూరాన్ని సర్వే చేసి కొలుస్తారు. ప్రయాణికుడి ఫొటోలకు ఆ రెండు హామీలూ ఉండవు. అందుకే ప్రయాణికుడు తన హద్దులను తానే కాస్త ఉదారంగా వేసుకోవాలి.

మ్యాపు యాప్‌లు వేగాన్ని ఎప్పటికప్పుడు చూపిస్తున్నప్పుడు ఈ శ్రమంతా ఎందుకని అడగవచ్చు. యాప్ చూపిన అంకె మరుక్షణం మారిపోతుంది. దాన్ని తర్వాత ఇంకొకరు సరిచూడలేరు. రాళ్ళ ఫొటోల్లో లెక్కకు కావాల్సిన ముడిసరుకంతా కనబడుతూ ఉంటుంది. ఏ రాయి, ఏ సమయం అన్నది ఎవరైనా చూడవచ్చు, కావాలంటే ఆ దారిలో వెళ్ళి రాళ్ళ మధ్య దూరాన్ని కొలుచుకోవచ్చు.

కాబట్టి రవాణా అధికారులకో, బస్సు యాజమాన్యానికో ఈ సంగతి రాయాల్సి వస్తే రహదారి నంబరు, రెండు రాళ్ళ అంకెలు, సెకన్లతో సహా రెండు సమయాలు, అసలు ఫైళ్ళు ఇవ్వండి. వేగం దగ్గర మాత్రం మీ లెక్కలో వచ్చిన అతి తక్కువ అంకెనే రాయండి. ‘దాదాపు వంద’ అన్న మాటను ఎవరైనా కొట్టిపారేయగలరు. ‘ఎటు లెక్కవేసినా 94కు తగ్గదు’ అన్నప్పుడు దాన్ని కాదనాలంటే అవతలివారు మీ రాళ్ళనో, మీ గడియారాన్నో తప్పని చూపించాల్సి ఉంటుంది.